లాట్ సైజు డైరీ: 12 వారాల డిమాండ్, మూడు పద్ధతులు, మిగిలిపోయే పీసులు

ఒక విడిభాగాన్ని ఏ వారం ఎన్ని చేయాలో, అంటే ఒక్కో విడతలో చేసే లాట్ ఎంత ఉండాలో తేల్చడానికి పెట్టుకున్న లెక్క ఇది. అంకెలన్నీ ఇక్కడే ఉన్నాయి. మీ స్ప్రెడ్‌షీట్‌లో వేసుకుంటే అవే జవాబులు రావాలి. రాకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడానికి ప్రతి దశ చివర మొత్తం రాశాను.

## దశ 0: డేటా, నియమాలు

| వారం | 1 | 2 | 3 | 4 | 5 | 6 | 7 | 8 | 9 | 10 | 11 | 12 |
|---|---|---|---|---|---|---|---|---|---|---|---|---|
| అవసరం | 20 | 45 | 10 | 0 | 60 | 75 | 20 | 90 | 0 | 25 | 30 | 40 |

మొత్తం 415 పీసులు. వారానికి సగటు 34.58. ఇవి నికర అవసరాలు. అంటే చేతిలో ఉన్న స్టాకు, ఇప్పటికే రావాల్సి ఉన్న ఆర్డర్లు తీసేశాక మిగిలినవి. మొత్తం అవసరాలను నేరుగా లాట్ లెక్కలోకి తోస్తే మొదటి లాట్ ఎప్పుడూ పెద్దదిగా వస్తుంది, చేతిలో ఉన్న పీసులనే మళ్లీ చేసినట్టవుతుంది. అందుకే ముందు ఆ తీసివేత, తర్వాతే లాట్.

నియమాలు:

1. ఒక సెటప్, అంటే ఒక లాట్ కోసం మెషిన్‌ను సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు 180. ఏ కరెన్సీ అయినా ఫర్వాలేదు, ఈ లెక్కలో నిష్పత్తే ముఖ్యం.
2. ఒక పీసును ఒక వారం నిల్వ ఉంచితే 2. వారం చివర మిగిలిన స్టాకు మీదే ఈ ఖర్చు వేస్తాను.
3. కొరత కుదరదు. వారానికి కావలసింది ఆ వారం మొదట్లో ఉండాలి.
4. మొదటి స్టాకు సున్నా.

రెండో నియమాన్ని ముందే గట్టిగా రాసి పెట్టుకోండి. కొన్ని చోట్ల నిల్వ ఖర్చును సగటు స్టాకు మీద వేస్తారు. అలా వేస్తే వాడిన వారంలోనే అర వారం ఖర్చు కూడా కలుస్తుంది. అది అన్ని పద్ధతులకూ ఒకే మొత్తం కాబట్టి ఏది చౌక అన్న వరస మారదు. కానీ మొత్తాలు మాత్రం పక్కవాళ్ల షీటుతో సరిపోవు. ఎవరి షీటు తప్పు అని అనవసరంగా వాదించుకోవాల్సి వస్తుంది.

సెటప్ ఖర్చు 180లో ఏముందో కూడా చూసుకోవాలి. సెటప్ మానేస్తే నిజంగా చేతి నుంచి పోనివి మాత్రమే అందులో ఉండాలి: సెటప్‌లో పాడయ్యే మెటీరియల్, ఆ సమయంలో ఆగిపోయే ఉత్పత్తి విలువ. మెషిన్ ఎలాగూ ఖాళీగా ఉండే వారాల్లో ఆగిన సమయానికి విలువ కట్టి కలిపితే సెటప్ ఖర్చు ఉబ్బుతుంది, లాట్లు అనవసరంగా పెరుగుతాయి.

## దశ 1: లాట్-ఫర్-లాట్

ఏ వారానికి ఎంత కావాలో అంతే, ఆ వారమే చేయడం. సున్నా ఉన్న 4, 9 వారాలు పోను 10 సెటప్‌లు. నిల్వ లేదు.

మొత్తం: సెటప్ 1800 + నిల్వ 0 = 1800

మిగతా పద్ధతులకు ఇదే కొలబద్ద. 10 పీసుల కోసం 3వ వారంలో ఒక సెటప్ పెట్టడం చూస్తేనే ఎక్కడ డబ్బు పోతోందో తెలుస్తుంది. ఆ 10 పీసులను 2వ వారంలోనే చేసి ఉంచితే నిల్వకు అయ్యేది 20, తప్పే సెటప్ 180. ఈ ఒక్క పోలికే పార్ట్-పీరియడ్ పద్ధతికి విత్తనం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

లాట్-ఫర్-లాట్ ఎప్పుడు గెలుస్తుందో కూడా ఇక్కడే తేలిపోతుంది. ప్రతి వారం అవసరాన్ని దాని ముందున్న ఉత్పత్తి వారం దాకా వెనక్కి జరిపితే ఎంత నిల్వ ఖర్చవుతుందో చూడాలి. వాటిలో అతి చిన్నదానికన్నా సెటప్ తక్కువైతే లాట్-ఫర్-లాట్‌ను కొట్టేది ఉండదు. మన పట్టికలో అతి చిన్నది 3వ వారంది, 20. అంటే సెటప్‌ను 180 నుంచి 20కి దించగలిగితే ఈ డైరీలోని మిగతా దశలు అక్కర్లేదు.

## దశ 2: ఫిక్స్‌డ్ క్వాంటిటీ

ఎంత పరిమాణం అన్నదానికి 1913 నాటి హారిస్ సూత్రమే వాడాను:

```
Q = sqrt(2 * 34.58 * 180 / 2) = 78.9
```

80గా తీసుకున్నాను. స్టాకు ఆ వారం అవసరానికి సరిపోకపోతే 80 చేయాలి. సరిపోతే ఏమీ చేయకూడదు.

షీటులో మొదట పెట్టిన ఫార్ములా:

```
=IF(prev<need, 80, 0)
```

ఇది ఈ పట్టికకు సరిగ్గానే పని చేస్తుంది, అదే ప్రమాదం. 8వ వారంలోకి 10 పీసులు మిగిలి వస్తాయి, 80 చేస్తే సరిగ్గా 90. కానీ పరీక్ష కోసం 8వ వారాన్ని 91 చేసి చూస్తే స్టాకు గడిలో మైనస్ 1 వస్తుంది. ఆ మైనస్‌ను 2తో గుణించి ఆ వారం నిల్వ ఖర్చును మైనస్ 2గా కలుపుకుంటుంది కూడా! కొరత వచ్చిందని షీటు ఎక్కడా చెప్పదు. మార్చిన ఫార్ములా:

```
=IF(prev<need, 80*ROUNDUP((need-prev)/80,0), 0)
```

దీని పక్కన, స్టాకు సున్నా కన్నా తగ్గితే గడి ఎర్రబడేలా ఒక షరతు పెట్టాను. ఇప్పుడు 91కి 8వ వారంలో 160 చేయమంటుంది. ఒక్క పీసు పెరిగితే 80 పీసులు అదనంగా వస్తాయి. రెండు లాట్లు ఒకేసారి నడుస్తాయి కాబట్టి దానికి ఒకే సెటప్ లెక్కేశాను, అలా చేసినా మొత్తం 1670 నుంచి 1800కి పోతుంది.

అసలు పట్టిక (8వ వారం 90) మీద ఫలితం:

1. సెటప్‌లు 1, 5, 6, 8, 10, 12 వారాల్లో. మొత్తం 6.
2. వారం చివరి స్టాకు: 60, 15, 5, 5, 25, 30, 10, 0, 0, 55, 25, 65. కూడితే 295.

మొత్తం: సెటప్ 1080 + నిల్వ 590 = 1670

లాట్-ఫర్-లాట్ కన్నా 130 తక్కువ, అంతే. సూత్రం కరెక్టుగానే ఉంది, సగటు కూడా కరెక్టే. అయినా ఇంత తక్కువ లాభం ఎందుకో చూడాలనిపించి, 80 చుట్టుపక్కల అంకెలు వేసి చూశాను. పాఠాల్లో ఈ ఖర్చు గీత అడుగున చదునుగా ఉంటుందని చెబుతారు, కాస్త అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదని.

| పరిమాణం | సెటప్‌లు | స్టాకు మొత్తం | ఖర్చు |
|---|---|---|---|
| 70 | 6 | 355 | 1790 |
| 80 | 6 | 295 | 1670 |
| 90 | 5 | 475 | 1850 |

చదును ఏమీ లేదు. ఆ గీత డిమాండ్ వారం వారం ఒకేలా ఉన్నప్పటిది. ఇక్కడ ఒక వారం సున్నా, ఒక వారం 90. పరిమాణాన్ని 10 మార్చితే ఏ వారం స్టాకు అడుగంటుతుందో మారిపోతుంది, దానితో కొన్ని సెటప్ వారాలు కదులుతాయి. కాబట్టి 80కి వచ్చిన 1670ని సూత్రం గొప్పతనంగా చూడకండి. 70కో 90కో రౌండ్ చేసి ఉంటే లాట్-ఫర్-లాట్‌తో దాదాపు సమానంగానో, అంతకన్నా అధ్వానంగానో ఉండేది.

## దశ 2బి: డబ్బు ఎక్కడ పోతోంది

ఈ ప్రాజెక్టులో ఎక్కువ నేర్పింది ఈ దశే. షీటులో ఒక కొత్త వరస కలిపాను: సెటప్ ఉన్న వారంలోకి పాత స్టాకు ఎంత మిగిలి వచ్చింది?

5వ వారంలోకి 5 పీసులు వచ్చాయి. అవసరం 60. ఆ 5 ఉన్నా సెటప్ తప్పలేదు. అంటే 1వ వారం నుంచి నాలుగు వారాల పాటు వాటిని ఊరికే కాపలా కాశాం. నాలుగు వారాలు, 5 పీసులు, వారానికి 2 చొప్పున 40 వృథా. అలాగే మిగతావి:

1. 6వ వారంలోకి 25 పీసులు, ఒక వారం: 50.
2. 8వ వారంలోకి 10 పీసులు, రెండు వారాలు: 40.
3. 12వ వారంలోకి 25 పీసులు, రెండు వారాలు: 100.
4. 12వ వారం చివర 65 పీసులు: 130.

మొత్తం వృథా 360. నాలుగోదాని మీద మీకు అభ్యంతరం ఉండొచ్చు. ఆ 65 పీసులు 13వ వారానికి పనికొస్తాయి కదా అని. నిజమే, దాన్ని పక్కన పెట్టి పోల్చాలంటే ఫిక్స్‌డ్ క్వాంటిటీ ఖర్చు 1540 అనుకోండి. నేను మాత్రం రెండూ రాసి ఉంచుతున్నాను.

ఇప్పుడు ఆ ఆరు సెటప్ వారాలనే ఉంచి, ప్రతి లాట్‌ను తర్వాతి సెటప్ దాకా కావలసినంతకే కత్తిరించి చూశాను. లాట్లు 75, 60, 95, 90, 55, 40. నిల్వ 230కి దిగింది.

కత్తిరించిన 80: సెటప్ 1080 + నిల్వ 230 = 1310

సెటప్ వారం ఒక్కటి కూడా మార్చకుండా 360 తగ్గింది. దీని వెనక ఉన్నది వాగ్నర్, విటిన్ 1958లో చూపించిన గుణం: ఖర్చులు ఇలా స్థిరంగా ఉన్నప్పుడు, అతి తక్కువ ఖర్చయ్యే ప్రణాళికల్లో స్టాకు సున్నాకు వచ్చినప్పుడే కొత్త లాట్ పెట్టేది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పాత స్టాకు మిగిలి ఉండగా సెటప్ పెట్టారంటే ఆ మిగులును వెనక లాట్‌లో తగ్గించి ఈ లాట్‌లో కలపవచ్చు, సెటప్ పెరగదు, నిల్వ తగ్గుతుంది. అందుకే నేను కలిపిన వరసలో మొదటి వారం తర్వాత ఎక్కడ సున్నా కాని అంకె కనబడినా అది దిద్దుకోదగ్గ డబ్బే. మన 80 ప్రణాళికలో ఆరు సెటప్‌లలో నాలుగింటికి అలాంటి అంకె ఉంది.

ఒక పరిమితి ఉంది. అచ్చు, బట్టీ, డ్రమ్ము లాంటివి ఒక విడతకు ఇంతే అని కట్టేస్తే కత్తిరించడం కుదరదు. అప్పుడు ఆ మిగులు ప్రక్రియ ఖర్చు అని ఒప్పుకోవాలి. అది లేనప్పుడు పరిమాణాన్ని స్థిరంగా ఉంచడానికి కారణం వెతకాల్సిందే.

ఇప్పటివరకు: లాట్-ఫర్-లాట్ 1800, ఫిక్స్‌డ్ 80 అలాగే 1670, కత్తిరిస్తే 1310

## దశ 3: పార్ట్-పీరియడ్ బ్యాలెన్సింగ్, పెన్సిలుతో

ఒక పీసును ఒక వారం నిల్వ ఉంచితే ఒక పార్ట్-పీరియడ్. సెటప్ ఖర్చును నిల్వ ఖర్చుతో భాగిస్తే ఒక సెటప్ ఎన్ని పార్ట్-పీరియడ్‌లకు సమానమో వస్తుంది: 180 / 2 = 90. డీమాటీస్ 1968లో ఐబీఎం పత్రికలో ప్రచురించిన పద్ధతి ఇది. లాట్‌లో వారాలను కలుపుతూ పోవాలి, పోగైన పార్ట్-పీరియడ్‌లు 90కి బాగా దగ్గరైన చోట ఆపాలి.

1. 1వ వారం నుంచి: 2వ వారం 45 × 1 = 45. 3వ వారం 10 × 2 = 20, పోగు 65. 5వ వారం 60 × 4 = 240, పోగు 305. 90కి 65 దగ్గర. లాట్ 75.
2. 5వ వారం నుంచి: 6వ వారం 75. 7వ వారం 20 × 2 = 40, పోగు 115. 75కి తేడా 15, 115కి తేడా 25. 6 దగ్గర ఆపాలి. లాట్ 135.
3. 7వ వారం నుంచి: 8వ వారం 90 × 1 = 90. సరిగ్గా 90. 10వ వారం కలిపితే 165. లాట్ 110.
4. 10వ వారం నుంచి: 11వ వారం 30. 12వ వారం 40 × 2 = 80, పోగు 110. లాట్ 95.

రెండో లాట్ మొదలు 4వ వారంలో కాదు, 5వ వారంలో. సున్నా వారంలో లాట్ మొదలుపెడితే 60 పీసులు ఊరికే ఒక వారం కూర్చుంటాయి, పైగా అక్కడి నుంచి లెక్కించే వారాలన్నీ ఒకటి పెరుగుతాయి. షీటులో చేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

పార్ట్-పీరియడ్‌లు 65 + 75 + 90 + 110 = 340.

మొత్తం: సెటప్ 720 + నిల్వ 680 = 1400

సెటప్, నిల్వ దాదాపు సమానంగా వచ్చాయి. పద్ధతి మాట నిలబెట్టుకుంది. కానీ కత్తిరించిన 80 కన్నా 90 ఎక్కువ! ఇక్కడ మిగులు పీసులు ఎక్కడా లేవు, నా కొత్త వరసంతా సున్నాలే. కాబట్టి పోయింది పరిమాణంలో కాదు, లాట్‌కీ లాట్‌కీ మధ్య గీత ఎక్కడ గీశామన్న దాంట్లో.

మూడో లాట్ చూడండి. 7వ వారానికి కావలసింది 20. దాని కోసం సెటప్ పెట్టి, 8వ వారం 90 పీసులనూ ఒక వారం ముందే చేసి మోశాం. ఆ 90 మోయడానికి అయ్యేది 180, సరిగ్గా ఒక సెటప్. అంటే కలిపినందుకు లాభం సున్నా. లెక్కలో 90 అని కచ్చితంగా రావడం చూసి సంతోషించే చోటే గీత తప్పు చోట పడింది.

దగ్గర అన్న నియమం కాకుండా 90 దాటకూడదు అన్న నియమం పెడితే? మొదటి మూడు లాట్లూ అవే. చివర 12వ వారం విడిపోయి ఐదో సెటప్ వస్తుంది. మొత్తం 1420. ఏమీ తేలలేదు.

## దశ 4: కోడ్

మార్పులు చేసి చూడటానికి షీటు చాలదనిపించి పైథాన్‌లోకి మార్చాను.

```python
def ppb(d, epp):
    lots, i, n = [], 0, len(d)
    while i < n:
        if d[i] == 0:
            i += 1
            continue
        pp, j = 0, i + 1
        while j < n:
            add = d[j] * (j - i)
            if add > epp or abs(pp + add - epp) > abs(pp - epp):
                break
            pp, j = pp + add, j + 1
        lots.append((i + 1, sum(d[i:j]), pp))
        i = j
    return lots
```

ఇందులో `add > epp` అన్న షరతు పాఠాల్లో మామూలుగా కనబడదు. అది లేకుండా రెండు వారాల చిన్న పరీక్ష వేయండి: అవసరాలు 30, 150. పోగు సున్నా అయితే 90కి తేడా 90, 150 అయితే తేడా 60. దగ్గర నియమం కలిపేయమంటుంది. 180 సెటప్ తప్పించుకోవడానికి 300 నిల్వ ఖర్చు పెట్టమని దాని అర్థం. పోగు మొత్తాన్ని 90తో పోల్చడమే దీనికి కారణం. ఒక వారం అవసరాన్ని మోసే ఖర్చు ఒక్కటే సెటప్‌ను దాటితే దాన్ని కలపడంలో ఎప్పుడూ అర్థం లేదు. మన 12 వారాల పట్టికలో ఈ షరతు ఫలితాన్ని మార్చదు, అందుకే అది లేకపోయినా ఇక్కడ ఎవరికీ తెలియదు.

## దశ 5: గీతను అటూ ఇటూ జరపడం

ఈ పద్ధతితో పాటే ముందు చూపు, వెనక చూపు అనే రెండు పరీక్షలు చెబుతారు. నేను పెట్టుకున్న రూపం ఇది:

1. ముందు చూపు: తర్వాతి లాట్ మొదటి వారాన్ని ఈ లాట్‌లోకి లాగితే ఎంత మోయాలి? అలా లాగితే దాని తర్వాతి వారం ఎంత మోత తప్పించుకుంటుంది? తప్పేది ఎక్కువైతే లాగాలి.
2. వెనక చూపు: మొదటిది కుదరకపోతే, ఈ లాట్ చివరి వారాన్ని తర్వాతి లాట్‌కు మొదలుగా చేస్తే లాభమా?

ముందు చూపు ఒక్కటే పెట్టి నడిపాను. 7వ వారం 20 పీసులను 5వ వారం లాట్‌లోకి లాగితే మోత 40, 8వ వారానికి తప్పేది 90. లాగింది. దాంతో తర్వాతి లాట్లు 8, 11 వారాలకు జరిగాయి. లాట్లు 75, 155, 115, 70.

మొత్తం: సెటప్ 720 + నిల్వ 540 = 1260

ఒక్క గీత జరపగానే 140 తగ్గింది. ఆ ఊపులో వెనక చూపు కూడా కలిపితే 1300కి పెరిగింది. 10వ వారం దగ్గర తేడా కొట్టింది: 8వ వారం లాట్‌లో 10వ వారం 25 పీసుల మోత 50, దాన్ని విడదీసి కొత్త లాట్ పెడితే 11వ వారం 30 పీసులు ఒక వారం మోస్తే చాలు, మోత 30. కాబట్టి విడదీయమంది. అయితే కొత్త లాట్ 10 నుంచి మొదలైతే 12వ వారం 40 పీసులను రెండు వారాలు మోయాలని దానికి తెలియదు. రెండు అంకెలే చూసే పరీక్ష గీతకు ఆనుకున్న వారాలను దాటి చూడలేదు.

కాబట్టి రెండు అంకెల పోలిక తీసేశాను. దాని బదులు ప్రతి గీత దగ్గర మూడు దారులు: ఉన్నచోటే ఉంచడం, ఒక వారం వెనక్కి, ఒక వారం ముందుకు. మూడింటికీ మిగతా వారాలను `ppb`తో చివరిదాకా నడిపి, మొత్తం ఖర్చు తక్కువున్నదాన్ని ఉంచి తర్వాతి గీతకు వెళ్లాలి. 5వ వారం లాట్ దగ్గర వచ్చిన మొత్తాలు:

1. 6 దగ్గర ఆపితే 1400.
2. 7 దగ్గర ఆపితే 1260.
3. 5 దగ్గరే ఆపితే 1250.

మూడోది నెగ్గింది. లాట్లు 1వ వారం 75, 5వ వారం 60, 6వ వారం 95, 8వ వారం 115, 11వ వారం 70. తర్వాతి గీతల్లో దేన్ని జరిపినా ఖర్చు పెరిగింది.

మొత్తం: సెటప్ 900 + నిల్వ 350 = 1250

## దశ 6: కనిష్ఠంతో సరిచూడటం

వాగ్నర్-విటిన్ డైనమిక్ ప్రోగ్రామ్‌తో నడిపితే కనిష్ఠం 1250 వచ్చింది, అవే ఐదు లాట్లు. ఇందులో సెటప్ 900, నిల్వ 350. ఎక్కడా సమానం కాదు. రెండు ఖర్చులూ సమానమైతేనే కనిష్ఠం అన్నది నిలకడ డిమాండ్ సూత్రం నుంచి వచ్చిన లక్షణం, ఎగుడుదిగుడు డిమాండ్‌లో దాన్ని కొలమానంగా పెట్టుకుంటే 1400 ప్రణాళికే అందంగా కనబడుతుంది.

ఇక్కడ దశ 2 పట్టికను మళ్లీ తెరిచి చూశాను. 90 పరిమాణం వరసలో సెటప్ వారాలు 1, 5, 6, 8, 11. కనిష్ఠంలో ఉన్నవి కూడా సరిగ్గా అవే! మూడింటిలో అతి ఖరీదైన 1850 ప్రణాళిక సెటప్‌లను పెట్టాల్సిన చోటే పెట్టింది, మిగులు పీసులతో 600 పోగొట్టుకుంది. అలాగని 90 పెట్టి కత్తిరించండి అని చెప్పను. 70ని కత్తిరిస్తే 1590 వస్తుంది. ఏ పరిమాణం సరైన వారాల మీద పడుతుందో ముందు తెలియదు.

## దశ 7: డిమాండ్‌ను కాస్త కదిపి

ప్రణాళిక ఒకసారి వేసి ఊరుకునేది కాదు, ప్రతి వారం అంకెలు మారుతుంటాయి. 7వ వారం అవసరాన్ని మాత్రం మార్చి చూశాను.

1. 14 అయితే: మామూలు పార్ట్-పీరియడ్ పద్ధతి దాన్ని 5వ వారం లాట్‌లో కలుపుతుంది (పోగు 103). తర్వాతి లాట్లు 8, 11 వారాల్లో. ఖర్చు 1236.
2. 16 అయితే: పోగు 107, కలపదు. లాట్లు 7, 10 వారాలకు జరుగుతాయి. ఖర్చు 1400.

రెండు పీసుల తేడాకు ఖర్చు 164 పెరిగింది, రెండు ఆర్డర్లు ఒక్కో వారం ముందుకు వచ్చాయి. ఈ విడిభాగానికి కింద ఇంకో భాగం ఉంటే ఈ లాట్లే దానికి అవసరాలు. దాని ప్రణాళికలో 8వ వారంలో ఉన్న 115 ఒక్కసారిగా 7వ వారంలో 106గా కనబడుతుంది. ఆ భాగం తెప్పించేవాళ్లకు అక్కడ టెన్షన్ మొదలవుతుంది, పైన మారింది రెండు పీసులే అని వాళ్లకు కనబడదు.

దశ 5లోని మూడు దారుల రూపంతో అదే పరీక్ష: 14కి 1236, 16కి 1242. 6వ వారంలో ఒక లాట్ కొత్తగా విడిపోతుంది గానీ 8, 11 వారాల ఆర్డర్లు కదలవు. నేను ఈ రూపాన్ని ఉంచుకోవడానికి కారణం 1250 కన్నా ఇదే.

మరి నేరుగా వాగ్నర్-విటిన్ నడపొచ్చు కదా? 12 వారాలకు కంప్యూటర్‌కు అదేం భారం కాదు. దాన్నీ కదిపి చూశాను. 13వ వారానికి 50 పీసుల అవసరం కలపగానే దాని చివరి లాట్లు 8, 11 నుంచి 8, 10, 12కి మారాయి, ఖర్చు 1410. మూడు దారుల రూపం మొదట ఇచ్చిన 8, 11 లాట్లనే ఉంచి 13కి విడిగా ఒకటి పెడితే 1430. తేడా 20. రెండిట్లోనూ 1, 5, 6 వారాల లాట్లు చెక్కుచెదరలేదు. పట్టిక చివర ఏ పద్ధతికైనా ముందున్నది కనబడదు, అక్కడి లాట్లను నమ్మకూడదు.

ఇప్పుడు షీటులో ఉన్న అమరిక:

1. మొదటి 4 వారాల లాట్లు ఫిక్స్. కొత్త లెక్కలో మారితే షీటు గడి రంగు మార్చి చూపిస్తుంది, అంకెను తానుగా మార్చదు.
2. 5 నుంచి 8 వారాల లాట్లు వారానికోసారి మూడు దారుల లెక్కతో వస్తాయి. పాత ప్రణాళికకూ కొత్తదానికీ తేడా 20 లోపు అయితే పాతదే ఉంచుతాను.
3. 9 నుంచి చివరి దాకా ఉన్న లాట్లు చూసుకోవడానికే. వాటి మీద ఆర్డర్ పెట్టను.
4. సెటప్ వారంలోకి మిగిలి వచ్చే స్టాకు వరస శాశ్వతంగా ఉంటుంది. ఫిక్స్ చేసిన లాట్ తర్వాత అవసరం తగ్గితే అందులో సున్నా కాని అంకె వస్తుంది, అక్కడ మాత్రం చేత్తో చూసి కత్తిరిస్తాను.

రెండో అంశంలో 20 అన్న హద్దు ఈ పట్టిక నుంచి తీసుకున్నదే. సెటప్ ఖర్చు 120కి దిగితే అది మార్చాలి: అప్పుడు లాట్-ఫర్-లాట్ 1200కి, దశ 4లో కలిపిన షరతు లేని మామూలు పార్ట్-పీరియడ్ పద్ధతి 1120కి వచ్చేస్తాయి, పోట్లాడుకోవడానికి మిగిలే డబ్బే తక్కువ.